నా ప్రకటన మీద నా ఫిర్యాదు

నాకు కోపం ఎక్కువ. ఇది దాచుకుని లాభం లేదు, తార్నాకలో నన్ను ఎరిగినవాళ్ళంతా చెప్పేస్తారు. అయితే ఆ కోపం మొదటిసారి సరైన మనిషి మీదకు తిరిగింది ఎప్పుడంటే, అరవైల చివర్లో, ఒక బొమ్మల ప్రకటన దగ్గర. ఆ సరైన మనిషిని నేనే.

అప్పుడు నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో మనస్తత్వశాస్త్రం ఎమ్మే రెండో ఏడు చదువుతున్నాను. ఆ ఏడు క్యాంపస్‌లో పాఠాలకంటే ప్రత్యేక రాష్ట్రం నినాదాలే ఎక్కువ వినబడ్డాయి, పరీక్షలు వెనక్కీ వెనక్కీ జరిగాయి. నేను మా అక్క ఇంట్లో ఉండేదాన్ని. తార్నాక మెయిన్ రోడ్డు వెనక, ఆరు వాటాలకు ఒకే వాకిలి, ఒకే నల్లా. మాది రెండు గదుల వాటా. బావ రైల్వేలో ఫిట్టరు. వాళ్ళకు ఆరేళ్ళ కూతురు. మా నాన్న ఊళ్ళో సేద్యం చేసేవాడు. ఆయన నాతో ఒక్కటే మాట అన్నాడు: "పరీక్షలయ్యేదాంక చూస్త. నౌకరి దొరికితే ఉండు. లేకుంటే మల్ల మాట్లాడేది లేదు, వచ్చి తీస్కపోత." నాకు ఊరంటే అయిష్టం లేదు. కానీ తీసుకుపోవడానికి నేనేం గొర్రెపిల్లనా!

తార్నాకలోనే ఒక మేడ మీద రెండు గదుల్లో చిన్న ప్రకటనల ఆఫీసు ఉండేది. నడిపే ఆయనది కోస్తా, గుంటూరు వైపు. తెల్లటి చొక్కా, నల్ల ఫ్రేము కళ్ళద్దాలు, ఎప్పుడూ తొందర. మేమందరం సార్ అనేవాళ్ళం. సబ్బుకీ సైకిలుకీ ఇంగ్లీషులో వచ్చే ప్రకటనల్ని నేను తెలుగులోకి మార్చి ఇచ్చేదాన్ని. ముక్కకి ఇంత అని ఇచ్చేవారు, ఉద్యోగం కాదు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు, కిటికీ గట్టు మీద కూర్చుని రాసేదాన్ని.

ముషీరాబాద్‌లో చెక్కబొమ్మలు చేసే మేస్త్రి ఒకాయన మా ఆఫీసుకు ప్రకటనలిచ్చే ఖాతాదారు. ఇల్లు కట్టుకునే చెక్క ముక్కల పెట్టె ఆయన ప్రత్యేకం. మద్రాసులో ఒక దుకాణం ఆ పెట్టెలు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. రేడియోలో వ్యాపార ప్రకటనలు మన దగ్గరకింకా రాలేదు గానీ మద్రాసులో అప్పుడే మొదలయ్యాయి. అక్కడి తెలుగు కుటుంబాల కోసం దసరాకి ముందు ఒక ప్రకటన వేయిద్దామని సార్ ఆయన్ని ఒప్పించారు. ముప్పై సెకన్ల ప్రకటన. ముందు రాతప్రతి మద్రాసు రేడియో ఆఫీసుకు పంపాలి. వాళ్ళు చదివి, నిబంధనలతో పోల్చి, సరే అంటేనే టేపు మీద రికార్డు చేయాలి. రాతప్రతిలో ఏముందో టేపులోనూ అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి.

మొదటి ప్రతి సార్ స్వయంగా రాశారు. అందులో ఒక పిల్లవాడు రాగం తీస్తాడు: "నాన్నా, పక్కింటి బుజ్జిగాడికుంది, నాకెందుకు లేదు? కొనిపెట్టకపోతే నీతో మాట్లాడను!" రెండు వారాలు తిరిగేసరికి అది తిరిగొచ్చింది. పక్కన ఎర్ర పెన్సిలు గీత, నిబంధన సంఖ్య. దానితోపాటు టైపు చేసిన నిబంధనల కాగితం ఇంకోసారి పంపారు, మొదటిసారి పంపింది మేము చదవలేదని వాళ్ళకి అర్థమైనట్టుంది.

"బొమ్మలు పిల్లలకి గాక ముసలాళ్ళకి అమ్ముతారటమ్మా!" అని సార్ కాగితాన్ని బల్ల మీద విసిరారు. "ఏవమ్మాయ్, నువ్వు పిల్లల మనసులు చదువుతున్నావుగా. నువ్వే రాయి. ఇది పాసైతే నీకు బల్లా కుర్చీ వేయిస్తాను. నెల జీతం."

నెల జీతం! నేను ఆ కాగితాన్ని క్యాంపస్‌కి తీసుకెళ్ళి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని పరీక్షకు చదివినట్టు చదివాను. విషయం కష్టమేం కాదు. కొనమని పిల్లల చేత పెద్దవాళ్ళను వేధించేట్టు చేయకూడదు. పిల్లలకు ప్రమాదం కలిగించే పనులు చూపకూడదు. ఇక మూడోది, నేను వేలు పెట్టి మరీ చదివింది: ఆ వస్తువు తమ దగ్గర లేకపోతే తోటి పిల్లలకంటే తాము తక్కువని పిల్లలు అనుకునేట్టు చేయకూడదు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. పిల్లలతో మాట్లాడకుండా తల్లిదండ్రులతో మాట్లాడితే సరిపోయె! ఒక్క పిల్ల గొంతు లేకుండా, ఒక్క ఏడుపు లేకుండా గంటలో రాసిపడేశాను.

"అమ్మలారా, నాన్నలారా! ఇది మీతో చెబుతున్న మాట. ఈ పెట్టెలోని చెక్క ముక్కలతో మీ బిడ్డ ఇల్లు కడతాడు, వంతెన కడతాడు, ఆలోచించడం నేర్చుకుంటాడు. తెలివైన బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఈ పెట్టె ఉంటుంది. మీ ఇంట్లో ఉందా?"

చివరి ప్రశ్న రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను. సార్ చదివి చప్పట్లు కొట్టారు. "ఆ 'మీ ఇంట్లో ఉందా' ఉంది చూడూ, అక్కడే ఉందమ్మాయ్ అమ్మకం," అన్నారు. మద్రాసు నుంచి ఈసారి ఎర్ర గీత లేకుండా, కింద ముద్రతో సహా వచ్చింది. తల్లిదండ్రులను ఉద్దేశించింది కాబట్టి అభ్యంతరం లేదని రాశారు. ఆ మర్నాడే గోడవారగా ఒక బల్ల, నవారు కుర్చీ వచ్చాయి. ఆ కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపాను కూడా. నాన్నకు కార్డు రాశాను, నౌకరి దొరికిందని. గర్వం కళ్ళు మూస్తుందంటారు గదా, నాకు చెవులు కూడా మూసింది.

రికార్డింగు వచ్చే శుక్రవారం. తల్లి గొంతు నాదే, వేరే మనిషికి ఇచ్చే స్తోమత ఆ ఆఫీసుకు లేదు. ముప్పై సెకన్లలో సరిగ్గా ముగించాలి కాబట్టి ఆదివారం సాయంత్రం ఇంట్లో సాధన మొదలుపెట్టాను. బావ చేతి గడియారం విప్పి పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. నేను వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాను. నల్లా దగ్గర ఉన్న ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి వచ్చారు. వాళ్ళ పిల్లలు వచ్చారు. మొత్తం వాకిలి నిండింది. మా అక్క కూతురు రాళ్ళతో అచ్చంగిల్లాలు ఆడుతూ ఒక చెవి ఇటు వేసింది.

చదివాను. ముప్పై రెండు సెకన్లు. మళ్ళీ చదివాను. ముప్పై ఒకటి. మూడోసారి "మీ ఇంట్లో ఉందా?" అని బాగా సాగదీసి, ఆడవాళ్ళ వంక చూస్తూ అన్నాను. అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. చివరి వాటా ఆవిడ బిందె ఎత్తుకుని, "ఉండకేం, బంగ్లాలల్ల ఉంటది," అని వెళ్ళిపోయింది.

అప్పుడు మా అక్క కూతురు రాళ్ళు ఎగరేస్తూనే పక్క వాటా పిల్లతో చెప్పింది, ఇవాళ నల్లా ఆరింటికి వస్తుందని చెప్పినంత మామూలుగా: "మనం తెలివైనోళ్ళం కాదే. గా పెట్టె మనకు లేదు కద. రేడియోల గట్లనే చెప్తరంట."

పక్క వాటా పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "అవునే, మా ఇంట్ల గూడ లేదు," అంది. ఇద్దరూ ఆట కొనసాగించారు.

ఏడ్చి ఉంటే ఊరుకోబెట్టేదాన్ని. కోపం తెచ్చుకుని ఉంటే నచ్చజెప్పేదాన్ని. ఆ పిల్ల నమ్మేసింది. అదీ నా నోటి నుంచి, చిన్నమ్మ చెప్పింది కాబట్టి నమ్మింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నేను వేలు పెట్టి చదివిన మూడో నిబంధన ఏం చెప్పిందో అదే అక్షరాలా మా వాకిట్లో జరిగింది. ఏం చదివాను నేను! పెద్దవాళ్ళతో మాట్లాడితే చాలనుకున్నాను. పెద్దవాళ్ళు వినే రేడియో వేరు, పిల్లలు వినే రేడియో వేరు అయినట్టు. ఆరు వాటాలకూ ఉన్నది ఒకే రేడియో.

అక్క పిల్లను వదిలేసింది. నన్ను లోపలికి పిలిచింది. పిండి చేతులతోనే నిలబడి అంది: "మస్తు రాసినవ్. ఎవలకు తాకిందో చూసినవా? నా బిడ్డకు పెట్టె లేదని నాకెన్నడు రంది లేకుండె. ఇయ్యాల పెట్టినవ్ రంది."

"అక్కా, అది పిల్లలకు కాదు, తల్లులకు..."

"నేను తల్లిని కానా? గా మాట ఇని నేనేం జెయ్యాలె? కొనాలె. కొనలేకపోతే? నా బిడ్డ మొద్దని ఒప్పుకోవాలె. ఇంతేనా నీ సదువు?"

బావ మధ్యలో, "పోనీ తియ్, అది మద్రాసుల కద వచ్చేది, మనోళ్ళు ఇనరు," అన్నాడు. అక్క బావ వంక చూసిన చూపుకి ఆయన గడియారం కట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీలో కూర్చోకుండా నిలబడే జరిగింది చెప్పాను. ఆ చివరి రెండు వాక్యాలు తీసేయాలన్నాను. సార్ మొదట నవ్వారు.

"ఎవరమ్మాయ్ రాసింది అవి?"

"నేనే సార్. అందుకే చెప్తున్న, అవి ఏం చేస్తయో నాకు తెలిసింది."

"పాసయిందిగా? ముద్ర ఉందిగా? వాళ్ళకి లేని నొప్పి నీకేవిటి?"

"కాగితం మీద చదివితే నాకు కూడ నొప్పి తెలువలేదు సార్. పిల్లల మధ్యల చదివితే తెలిసింది. నిబంధనల ఉన్నది తల్లిదండ్రులకు చెప్పాలె అని మాత్రమే కాదు, పిల్లలు తాము తక్కువని అనుకోవద్దు అని గూడ ఉన్నది."

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఇది చెప్పాలి. చిన్న ఆఫీసు, పెద్ద ఏజెన్సీల మధ్య ఈదుతున్నారు. "చూడమ్మా, ఒక్క మాట మార్చినా మళ్ళీ మద్రాసు పంపాలి. మళ్ళీ రెండు మూడు వారాలు. మనకిచ్చిన తేదీలు పోతాయి. దసరా పోతుంది. దసరా పోతే ఆ మేస్త్రి మన గడప తొక్కడు. శుక్రవారం రికార్డింగు. నువ్వు చదివితే ఆ కుర్చీ నీది. చదవకపోతే చదివేవాళ్ళు దొరుకుతారు. కుర్చీ కూడా వాళ్ళదే," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కానీ నాన్నకు రాసిన కార్డు అప్పటికే ఊరు చేరి ఉంటుంది.

నేరుగా బస్సెక్కి ముషీరాబాద్ వెళ్ళాను. ఖాతాదారు దగ్గరకు సార్‌కు తెలియకుండా వెళ్ళడం మా వృత్తిలో పెద్ద తప్పు. తెలిసే చేశాను. మేస్త్రి దుకాణం ముందు భాగంలో అమ్మకం, వెనక కార్ఖానా. అరవై దాటిన మనిషి, చెవిలో పెన్సిలు, ముక్కు మీద రంపపు పొట్టు. నేను వెళ్ళేసరికి ఒకావిడ నాలుగేళ్ళ పిల్లతో బేరానికి వచ్చి ఉంది. అప్పుడు ఆయన చేసిన పని చూసి నేను నోరు తెరిచాను.

పిల్ల చేయి పట్టుకుని, "బిడ్డా, గాడ మా పనోడు చెక్కను గుండ్రంగ తిప్పుతున్నడు, చూసి రా పో," అని కార్ఖానాలోకి పంపాడు. పిల్ల కనుమరుగయ్యాకే బల్ల కింద నుంచి పెట్టె తీసి మూత తెరిచాడు. తల్లికి ఒక్కో ముక్క చేతికిచ్చి చెప్పాడు. మూలలు గుండ్రంగా అరగదీశాం. రంగు వేయలేదు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా. మేకు అన్నది లేదు. ఈ చిన్న ముక్కలు మూడేళ్ళ లోపు పిల్లకు ఇవ్వొద్దు, గొంతులో పడితే ప్రమాదం. ఆవిడ విని, ఆలోచించి, వచ్చే నెల చూస్తానంది. ఆయన పెట్టె మూసి మళ్ళీ బల్ల కింద పెట్టాకే, "బిడ్డా, అమ్మ పిలుస్తున్నది," అని కేక వేశాడు. ఆ పిల్ల చేతినిండా చెక్క చుట్టలు పట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. తను ఏదో పొందలేదన్న సంగతే దానికి తెలియదు.

"ఎందుకు పెద్దయ్యా అట్ల?" అని అడిగాను.

"మా నాయిన నేర్పిండు. పిల్ల ముందల పెట్టె తెరువొద్దు. తెరిస్తె తల్లికి తప్పించుకునే తొవ్వ ఉండదు. పిల్ల ఏడిస్తె కొన్న బొమ్మ ఇంటికి పోయినంక మూలకు వడ్తది. తల్లికి కోపం, పిల్లకు భయం. గది బొమ్మనా?"

నాకు పట్టపగలే దీపం వెలిగినట్టయింది. నేను పుస్తకాల్లో రెండేళ్ళు వెతుకుతున్నది ఈయన బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు! ప్రకటన చదివి వినిపించాను. ఆఖరి వాక్యాల దగ్గర మొహం ముడిచాడు. మా ఇంట్లో జరిగింది చెప్పాను. "మీరు పిల్ల ముందల పెట్టె తెరువరు. రేడియో ప్రతి పిల్ల ముందల తెరుస్తది పెద్దయ్యా. ఆ మాటలు తీసేయమని మా సార్‌కు మీరొక్క మాట చెప్పండి," అన్నాను.

ఆయన పెన్సిలుతో చెవి గోక్కున్నాడు. "తీసేస్తె దసరాకు వస్తదా?"

"రాదు."

"అయితే నేను చెప్పలేను బిడ్డా. నలుగురు పనోళ్ళను అదనంగ పెట్టిన. పెట్టెలు కట్టి పెట్టిన. నువ్వన్నది నిజమే. కానీ నీతి నీది, దసరా నాది."

తిరిగి వస్తూ ఆయన్ని తిట్టుకోలేకపోయాను. తన దుకాణంలో అంత మర్యాద పాటించే మనిషి, రేడియో దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. నేను గంటలో రాసిన రెండు వాక్యాలకు ఆయన పండగ బలి కావాలా? మరి నా పొగరు కోసం మా అక్క కూతురు మొద్దు కావాలా? మద్రాసులో ఎన్ని వాకిళ్ళు, ఎన్ని రేడియోలు, రాళ్ళతో ఆడుకునే ఎంతమంది పిల్లలు! వాళ్ళలో ఒక్కరైనా నాకు తెలియదు కాబట్టి ఫరవాలేదా?

మంగళవారం మధ్యాహ్నం క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంటు గది ఖాళీగా ఉంది. ఫుల్‌స్కేపు కాగితం తీసుకుని మద్రాసు ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఫలానా సంఖ్యతో మీరు అంగీకరించిన బొమ్మల ప్రకటన రాసింది నేనే అని మొదలుపెట్టాను. అది తల్లిదండ్రులను పలకరిస్తున్నా, ఆ పెట్టె లేని ఇంటి పిల్ల తెలివితక్కువదన్న అర్థం ఇస్తోందని, మీ నిబంధనల కాగితంలోని ఫలానా నిబంధనకు విరుద్ధమని, మా వాకిట్లో పిల్లలు దాన్ని అలాగే అర్థం చేసుకున్నారని రాశాను. తప్పు నాదే, మీరు దయచేసి అంగీకారం వెనక్కి తీసుకోండి అన్నాను. సవరించిన ప్రతి ఇంకో కాగితం మీద రాసి జతపరిచాను. కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. పేరు లేకుండా రాయడం పిరికిపని అని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎక్స్‌ప్రెస్ డెలివరీ బిళ్ళలు అంటించి డబ్బాలో వేశాను.   వెంటనే ఆఫీసుకు వెళ్ళి సార్ ముందు నిలబడ్డాను. ఇంకెవరి ద్వారానో తెలిసేలోగా నేనే చెప్పాలనుకున్నాను.

"సార్, ఆ ప్రకటన మీద మద్రాసుకు ఫిర్యాదు రాసిన. ఇప్పుడే పోస్ట్ చేసిన."

"ఎవరి మీద ఫిర్యాదు?"

"నా మీదనే."

ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. "తిన్నింటి వాసాలు లెక్కబెడతావా? నిన్న ఖాతాదారు దగ్గరకెళ్ళావని మేస్త్రే చెప్పాడు, ఇప్పుడు నా నెత్తిన రాయేశావు! ఎవరడిగారు నిన్ను? నీ రాత, నీ గొంతు, నీ ఫిర్యాదు! ఇక మేమంతా దేనికి?"

"మీకు ముందే చెప్పిన సార్. మీరు వినలేదు."

"పో. ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కకు."

"పోతా సార్. కానీ సవరించింది కూడ పంపిన. అది పాసైతే మాత్రం మేస్త్రికి మోసం చెయ్యకుండ వేయించండి. అందులో మాటలన్నీ ఆయన దుకాణంలవే." అనేసి బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, దాన్ని తుడుచుకోవడం కూడా చిరాకే.

గురువారం సార్‌కు తంతి వచ్చింది, అంగీకారం ఉపసంహరించామని, సవరించిన ప్రతి పరిశీలనలో ఉందని. ఈ సంగతి నాకు మేస్త్రి చెప్పాడు. నేనే వెళ్ళాను ఆయన దగ్గరకు, మొహం చాటేయడం ఇష్టంలేక. పెట్టెలు గోడవారగా పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి.

"అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా దసరాను దానం చేస్తివి కద బిడ్డా!" అన్నాడు. తిట్టాడు. బాగా తిట్టాడు. అన్నీ పడ్డాను, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నా జీవితంలో అలా ఎదురు చెప్పకుండా ఉన్న సందర్భాలు రెండో మూడో. చివరికి, "ఏం రాసినవ్ మల్ల, చదువు," అన్నాడు. చదివాను.

"ఇది పెద్దవాళ్ళతో చెబుతున్న మాట. పెట్టెలో ఉన్నవి చెక్క ముక్కలు. మూలలు గుండ్రంగా అరగదీశాం. రంగు లేదు, మేకు లేదు. మూడేళ్ళు నిండని బిడ్డకు ఇవ్వకండి, చిన్న ముక్క మింగే ప్రమాదం ఉంది. తెలివిని మేము అమ్మడం లేదు, అది మీ బిడ్డ దగ్గరే ఉంది. దుకాణానికి వచ్చి మీ చేత్తో పట్టుకుని చూడండి."

మేస్త్రి విని, "గీ మాట జల్ది వస్తే మంచిగుండు," అని లోపలికి వెళ్ళిపోయాడు. అది దసరా అయిన మూడు వారాలకు పాసయింది. సార్ దాన్ని వేయించారు కూడా. వేరే అమ్మాయి చదివింది, ఆ కుర్చీ కూడా ఆ అమ్మాయిదే అయింది. పెట్టెలు మెల్లగా అమ్ముడుపోయాయని తర్వాతెప్పుడో విన్నాను. దసరాకు ఎన్ని పోయేవో ఎవరికి తెలుసు!

పరీక్షలు అయిపోయాయి. ఉద్యోగం పోయిన సంగతి నాన్నకు కార్డు మీద రాశాను, దాచలేదు. ఆయన ఒక ఉదయం వచ్చాడు. భుజం మీద తువ్వాల, చేతిలో ఖాళీ గోనె సంచి, నా పుస్తకాలు వేయడానికి. మంచం మీద కూర్చుని, "ఇగ నడు," అన్నాడు.

 నా తరఫున చెప్పుకోడానికి ఏముంది? నౌకరి దొరికితే ఉండమన్నాడు. దొరికింది. నా చేతులారా పోగొట్టుకున్నాను. ఒప్పందం ఆయన వైపే ఉంది.

"సార్‌తో లడాయి పెట్టుకున్నవంట కద," అన్నాడు నాన్న. "నోరు మూసుకోని ఉంటే ఏం బోయేది? ఎవలి పిల్లల కోసం? ఎన్నడన్న చూసినవా వాళ్ళను?"

లోపల స్టవ్ దగ్గర ఉన్న అక్క చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ ఆదివారం నుంచి అక్క నాతో సరిగ్గా మాట్లాడనేలేదు. కోపం ఇంకా ఉందనుకుంటున్నాను నేను.

"నా బిడ్డ కోసం," అంది అక్క. "నా బిడ్డ మొద్దు కాదని చెప్పెటందుకు చేతికొచ్చిన నౌకరి ఇడిసిపెట్టి వచ్చింది. తప్పు రాసింది, తప్పే. నేనే తిట్టిన. కానీ రాసిన చేత్తోనే తప్పని మద్రాసు దాంక రాసింది. మన ఇంట్ల ఇంతమందిమి ఉన్నం నాయినా, తప్పు చేసి తప్పని సంతకం పెట్టినోళ్ళు ఎవలున్నరు? నువ్వు పెట్టినవా? నేను పెట్టిన్నా?"

అక్క గరిటెతో గోనె సంచి వైపు చూపింది.

"ఇది యాడికి రాదు. నౌకరి దొరికినా గీడనే, దొరకకపోయినా గీడనే. నా ఇంట్ల తింటది. నీకు తీస్కపోయేది ఏమన్న ఉంటే ఆ సంచి నిండ చింతపండు పోస్త, తీస్కపో."

 అక్క మళ్ళీ నా వైపు చూడకుండా, "నిలబడి ఏం జూస్తున్నవ్, నాయినకు చాయ పెట్టు," అని కసిరింది.

చాయ పెట్టాను. చక్కెర ఎక్కువైంది. నాన్న గ్లాసు ఖాళీ చేసి, మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్ళాడు.